బాయిలరు తవిటయ్య అట్టల పుస్తకం

మా తవిటయ్య మావ గుసగుసలాడితే ఖరగ్‌పూరు స్టేషన్లో బండి కదిలేది. ఒకసారి సుభాష్‌పల్లి పెళ్ళిలో పక్కవాడి చెవిలో “పప్పులో ఉప్పు తక్కువైనాది” అన్నాడు. అది విని మూడో ప్లాట్‌ఫారం మీది గార్డు పచ్చజెండా ఊపేశాడని చెప్పుకున్నారు. చెప్పుకున్నది ఎవరని అడక్కండి. నేనే. ఏడో తరగతిలో బడి నన్ను వదులుకున్నా, నేను మాత్రం నిజాన్ని వదల్లేదు. కాస్త పెంచి పెద్దచేశాను, అంతే.

తవిటయ్య చెవుడు మాత్రం పెంచి చెప్పనక్కర్లేదు. లోకో కార్ఖానా బాయిలర్ షాపులో ముప్ఫయ్యేళ్ళు రివిట్లు కొట్టాడు. బాయిలరు పొట్టలో ఒకడు కూచుని రివిటు పట్టుకుంటాడు, బయటనించి ఇంకొకడు సుత్తితో బాదుతాడు. లోపల కూచునేవాడు తవిటయ్య. ఆ మోత ముప్ఫయ్యేళ్ళు వింటే చెవులు ముందే పెన్షను పుచ్చుకుంటాయి. తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినపడదనుకుని అరుస్తాడు. రివిటు గట్టిగా కూచుందో లేదో కూడా చెవితో చూసేవాడు కాదు. ఒక పక్క చిన్న సుత్తితో తట్టి, రెండో పక్క వేలు ఆనించి పట్టుకునేవాడు. వదులైన రివిటు వేలికి జిల్లుమని తెలుస్తుంది. “సెవి అబద్దం సెప్తాది గాని, యేలు సెప్పదు” అనేవాడు. ఆ వేలి సంగతి గుర్తుంచుకోండి. ఈ కథకి అదే ఇంజను.

అరవై నాలుగో సంవత్సరం శ్రావణంలో తవిటయ్య కూతురు గంగాభవానికి రైల్వే టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగమొచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదిదాకా డ్యూటీ. సెప్టెంబరు ఒకటి నుంచి చేరాలి. మొగుడు రైలింజన్లో ఫైర్‌మన్, ఇంట్లో ఉండే రోజులకన్నా బొగ్గులో ఉండే రోజులే ఎక్కువ. తల్లి ఎప్పుడో పోయింది. ఇంట్లో మిగిలింది తండ్రీ, రెండేళ్ళ కూతురు చిట్టీ.

పగలు చిట్టిని పక్క క్వార్టరు దేవమణి చూసుకుంటానంది. సాయంత్రం కార్ఖానా సైరను మోగాక తాత వచ్చేస్తాడు. చిక్కల్లా నిద్ర దగ్గరే. చిట్టి అమ్మ పక్కన తప్ప పడుకోదు. అమ్మ లేకపోతే కళ్ళు ఉల్లిపాయల్లా పెట్టుకుని కూచుంటుంది.

ఇంతలో పలాస నించి గంగాభవాని అత్తగారు చిలకమ్మ ఉత్తరం రాయించింది. ‘మీ నాన్న చెవిటి మాలోకం, పిల్ల ఏడిస్తే వినపడదు. పిల్లని నా దగ్గిర ఒదిలీండి. నేనే వచ్చి తీసుకెళ్తాను, మూడో తారీకుకి వస్తన్నాను.’

తవిటయ్య ఆ ఉత్తరం నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. వినపడక కాదు. నాలుగోసారికి గొంతు తగ్గిపోయింది ఆయనకి, అంటే మామూలు మనిషి అరుపంత అయింది.

“ఓరి బాబూ, ఈ పిల్ల పలాస ఎల్లిపోతే నానీ ఇంట్లో ఏటి సెయ్యాల్రా? గోడలకి రివిట్లు కొట్టుకోవాలా?”

“మావా, నేనుండగా నీకు భయమేటి? కథ చెప్పి నిమిషంలో పడుకోబెట్టేస్తాను. నా కథ వింటే మలంచా రోడ్డు మీద బస్సులే నిద్రపోతాయి” అన్నాను.

ఆ సాయంత్రమే చిట్టిని ఒళ్ళో వేసుకుని మొదలుపెట్టాను. పెద్దపులి మాలుబండి ఇంజనెక్కి, తోకతో బొగ్గు తోడి, ఏటి వంతెన మీద విజిలేసింది. మధ్యలో పులికి జలుబు చేసి తుమ్మితే పద్నాలుగు వ్యాగన్లు ఎగిరి జామచెట్టు మీద పడ్డాయి. చిట్టి చప్పట్లు కొట్టింది. “పుయ్యి! పుయ్యి!” అని ఎగిరింది. మంచం మీద పులి అయింది, మంచం కింద పులి అయింది, నా బుగ్గ కొరికింది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. గంగాభవాని వచ్చి నా చేతిలోంచి పిల్లని లాక్కుంది.

“బావా, నిద్రపుచ్చమంటే పులిని పుట్టించినావేటి? ఇంక రేపు ఇంటికి రాకు.”

గోడవతల నించి దేవమణి నవ్వు. దేవమణి ఇరవయ్యేళ్ళు బంగళాల్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల పిల్లల్ని పెంచిన ఆయా. ఆ కుటుంబాలు ఆస్ట్రేలియా వెళ్ళిపోయాక ఇంట్లోనే ఉంటోంది. మర్నాడు పొద్దున్నే వచ్చి తవిటయ్య ఎదురుగా కూచుని, ఆయనకి పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పింది.

“తవిటన్నా, పిల్లకి కొత్త కత అక్కర్లేదు. రోజూ అదే టయాం, అదే చాప, అదే మాట. ఏడింటికి అన్నం, గోరెచ్చని నీళ్ళతో కాళ్ళూ చేతులూ, ఉచ్చ, తరవాత బొమ్మల పుస్తకం, తరవాత దీపం తగ్గించడం. వరస తప్పకూడదు. మా బంగళాలో జాన్ బాబా ఈ వరస నాలుగైదు రోజులు చూసి, పుస్తకం కనపడగానే ఆవలించేవాడు.”

“నాను ఓనమాలు తప్ప సదవలేను కదమ్మా.”

“నువ్వు చదివేది పరీక్షకి కాదు. బొమ్మ మీద వేలు పెట్టి ‘ఇదేటి’ అను. దాని చెయ్యి పట్టుకుని పేజీ తిప్పనియ్. అది వెనక్కి తిప్పితే వెనక్కే చదువు. కాయితం మాత్రం పల్చన ఉండకూడదు. ఈ వయసు పిల్లలకి పుస్తకం అంటే సగం తిండి.”

ఆ ఆఖరి మాట తవిటయ్యకి వినపడలేదు. గోల్‌బజార్‌లో రంగురంగుల కాయితాల పుస్తకం తెచ్చాడు. చిట్టి దాన్ని చాలా ప్రేమగా చూసింది. మొదటి పేజీ చించింది, రెండోది నమిలింది, మూడోది తాతకి పెట్టింది. ఆయన ప్రేమకొద్దీ తీసుకుని దవడకి అంటించుకున్నాడు. పుస్తకం ఆయుష్షు ముక్కాలు గంట. అందులో అరగంట సంచిలోనే గడిచింది.

మరుసటి ఆదివారం తవిటయ్యా, దేవమణీ, నేనూ చిట్టిని ఎత్తుకుని గోల్‌బజార్ బెంగాలీ పుస్తకాల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారుడు దాదా కలకత్తా నించి తెప్పించిన మందపాటి అట్టల పుస్తకాలు చూపించాడు. తవిటయ్య జేబులోంచి చిన్న సుత్తి తీశాడు.

“అరే దాదా, కీ కోర్‌ఛేన్?” అని, అదేం పనని బెంగాలీలో అరుస్తూ దుకాణదారుడు కౌంటరు ఎక్కినంత పని చేశాడు.

“తనిఖీ, దాదా, తనిఖీ” అని గర్జించాడు మావ. అట్టని తట్టి వెనక వేలు పెట్టాడు. వంచాడు, మడతదగ్గిర తిప్పాడు. మొదటిదానికి వైరు పిన్నులు. “పిల్ల నాలుక మీద గుచ్చుకుంటాయి” అని దేవమణి పక్కన పెట్టింది. రెండోది గట్టిదే గాని, ఒక్కో పేజీలో ముప్ఫయి బొమ్మలు. మంచుబొమ్మ, మంచు మీద జారే స్లెడ్జిబండి, కోటు తొడిగిన ఎలుగుబంటి, ఇంకా నాకు పేర్లు తెలియని దొరతనం. చిట్టి చూపు ఒక్కదాని మీదా నిలవలేదు. ఈగలా వాలి లేచిపోయింది.

“ఈ బొమ్మలు దానికి తెలీవు. రోజూ చూసేది ఉండాలి. పేజీకి ఒకటే ఉండాలి, పెద్దదిగా, వెనకాల ఏమీ లేకుండా” అంది దేవమణి.

దాదా దగ్గిర అలాంటిది లేదు. అయితే మనమే చేయించుకుందాం అన్నాను. ఈ ఐడియా నాదే. ఎవరు కాదన్నా నాదే.

ఖరిదాలో జ్ఞానప్రకాశం బైండరు స్కూలు రిజిస్టర్లూ, బైబిళ్ళూ కుడతాడు. ఆయనకి సంగతి చెప్పగానే కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టాడు. “చిన్నపిల్లకి కదా, అయితే జిగురులో మైలుతుత్తం వెయ్యను. పురుగు పట్టకుండా వేస్తాం గాని, పిల్ల నాకితే పురుగు కన్నా ముందు పిల్ల పోతుంది. ఉత్త మైదా ఉడికిస్తాను. కాస్త తొందరగా పాడైతే పాడవనీ, మళ్ళీ చేస్తా.”

నేను బొమ్మలు నేనే రంగులేసి గీస్తానన్నాను. అప్పట్లో ఖరిదా దుకాణాల బోర్డులన్నీ నా చేతివే. అందులో ఒక మిఠాయి కొట్టు మీద గీసిన రసగుల్లాకి చీమలు పట్టేవి. దేవమణి ఒక్కమాటతో కొట్టేసింది. “నీ డబ్బా పెయింటు నాకితే ఆస్పత్రే.” దాంతో పాత క్యాలెండర్లు వెతికి బొమ్మలు కత్తిరించాం. ఆవు, పిల్లి, కుక్క, కాకి. ఆఖరికి ఇంజను. అట్టలు రెండేసి అంటించి మందం చేశారు. అట్టకీ అట్టకీ మధ్య బైండింగు గుడ్డ అతికారు, పుస్తకం తెరిస్తే నేల మీద చాపలా పడుంటుంది. దారం బయటకి వేలాడకుండా చూశాడు జ్ఞానప్రకాశం. మూలలు కంట్లో పొడుచుకోకుండా తవిటయ్య ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. ఆ అట్ట మూలల్ని ఆయన అరగదీసిన తీరు చూస్తే వైస్రాయి ఎక్కిన సెలూను పెట్టె ద్వారబంధాలు కూడా సిగ్గుపడేవి.

వానాకాలం కదా, మైదా ఆరదు. తడిగా తీస్తే అట్ట అప్పడంలా వంకరపోతుందని జ్ఞానప్రకాశం మూడురోజులు రైలుపట్టా ముక్క బరువు పెట్టి ఉంచాడు. చిట్టి రోజూ బైండరు ఇంటికెళ్ళి ఆ పట్టాముక్కకి “ఊఁ” చెప్పి వచ్చేది.

మాటలు రాసింది నేను. దేవమణి ఒక్కో పేజీకి రెండు ముక్కలే ఇచ్చింది. ‘ఆవు గడ్డి తింది. ఆవు పడుకుంది.’ ‘పిల్లి పాలు తాగింది. పిల్లి పడుకుంది.’ కుక్క ఎముక తింది, పడుకుంది. కాకి గూటికొచ్చింది, పడుకుంది. ‘ఇంజను షెడ్డుకొచ్చింది. ఇంజను పడుకుంది.’ ఇంత చప్పిడి సాహిత్యం నా చేతిమీదుగా వెళ్ళడం నా జీవితంలో అదే మొదలు. పిల్లి పక్కన చిన్న పులిని పెడదామంటే దేవమణి పెన్సిలు లాక్కుంది.

మొదటి సాయంత్రం తవిటయ్య కాళ్ళు చాపుకుని, చిట్టిని ఒళ్ళో కూచోబెట్టుకుని, ఆవు బొమ్మ మీద వేలు పెట్టాడు.

“ఆవూ గడ్డీ తిన్నాదీ!”

వీధిలో కుక్కలు లేచాయి. ఎదురు క్వార్టరాయన ఏదో గొడవనుకుని లాఠీ తెచ్చుకున్నాడు. చిట్టి రెండుచెవులూ మూసుకుంది. దేవమణి పరుగెత్తుకొచ్చి, ఆయన చెయ్యి తీసుకుని ఆయన గొంతుమీదే పెట్టింది. “అన్నా, మాట్లాడు. చెయ్యి అదిరితే ఎక్కువైనట్టు. చిన్నగా చీమ పాకినట్టుంటే ఠీక్ హై.” ఆయన రివిటు తట్టి చూసినట్టు సీరియస్‌గా గొంతు చూసుకుంటూ తగ్గించుకుంటూ వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి మా లైనులో తవిటయ్య ఇంట్లో ఏం కూరో మాకు తెలియలేదు.

నాలుగైదు రోజులకి చిట్టి తయారైంది. కాళ్ళు కడగ్గానే తానే పుస్తకం ఈడ్చుకొచ్చి తాత ఒళ్ళో పడేసేది. పేజీ తనే తిప్పేది. ఆవు చెవి నమిలింది, ఆవు చెక్కుచెదరలేదు. తాత “పిల్లి పాలు తాగినాదీ, పిల్లీ...” అని ఆపితే, “పుకుందీ!” అని పూర్తిచేసేది. అయినా నిద్ర మాత్రం రాలేదు. రావడం లేదనడం తప్పు. వచ్చి వెళ్ళిపోయేది. కాకి దగ్గర కళ్ళు మూతపడేవి, ఇంజను దగ్గర మళ్ళీ విచ్చుకునేవి. తరవాత మళ్ళీ ఆవు నుంచి. రాత్రికి పదకొండు ఆవులు పడుకునేవి, పిల్ల ఒక్కతే పడుకునేది కాదు.

ఆఖరికి గంగాభవానే వచ్చి ఒళ్ళోకి తీసుకునేది. “నాన్నా, ఎల్లుండే డ్యూటీ. ఇంక నావల్ల కాదు. అత్తకి రాసేస్తాను” అంది ఒకరోజు, కళ్ళు తుడుచుకుంటూ. తవిటయ్యకి వినపడలేదు గాని, కన్నీళ్ళకి చెవులక్కర్లేదు. పుస్తకం మూసి గోడవేపు తిరిగి కూచున్నాడు.

మర్నాడు, అంటే ఆగస్టు ముప్ఫయ్యొకటిన, దేవమణి కిటికీ దగ్గర నిలబడి చూసింది. పక్కన నేనూ ఉన్నాను. కాకి దాకా బానే సాగింది. చిట్టి తల తాత రొమ్ము మీద వాలిపోయింది. “ఊఁ” సన్నగా వచ్చింది, తరవాత రాలేదు. తవిటయ్య ఆగాడు. వంగి పిల్ల మొహం చూశాడు. భుజం పట్టి ఊపాడు.

“ఓలే సిట్టీ, ఊఁ అనవే! ఇంటన్నావా లేదా? ఊఁ కొట్టకుండా కత సెప్పకూడదు!”

చిట్టి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, “ఊఁ!” అంది. మళ్ళీ ఉల్లిపాయలు.

దేవమణి నాకేసి తిరిగింది. “ఈ నియమం ఆయనకి ఎవరు నేర్పినారు?”

నేను ఖరిదా వైపు చూశాను. మొదటిరోజు పుస్తకం ఇస్తూ నేనే అన్నాను, ‘మావా, ఊఁ లేని కథ గోడకి చెప్పినట్టే. ఊఁ ఆగితే కథ ఆపి అడుగు, లేకపోతే కథకి మర్యాద ఉండదు’ అని. మా తాత దగ్గర నేను కథ వింటే అలాగే ఆపి అడిగేవాడు. అందుకే నేను పెద్దయ్యాక ఎప్పుడూ నిద్రపోలేదు, కథలే చెప్పుకున్నాను.

దేవమణి లోపలికెళ్ళి తవిటయ్య ఎదురుగా కూచుంది.

“అన్నా, ఊఁ అంటే మెలకువగా ఉన్నట్టు. ఊఁ ఆగితే పడుకున్నట్టు. దాని కోసమే కదా ఇంత చేసినాం! ఆగిందని లేపుతావేటి? స్టేషన్ వచ్చినాక బండిని మళ్ళీ తోస్తావా?”

తవిటయ్య ఆమె పెదాలు చదివి, తన చెవి చూపించాడు. “మరి ఆగినాదో లేదో నాకు తెలిసేదెలాగ? ఇనపడదు కదమ్మా. పడుకున్నాదనుకుని నాను ఆపేస్తే, మెలకువుంటే ఏడుస్తాది.”

అదీ అసలు సంగతి. ఆయన మర్యాద కోసం లేపడంలేదు. పిల్ల ఊఁ తనకి వినపడదని, చూసి సరిచూసుకుంటున్నాడు. మెలకువుందో లేదో తెలుసుకోవడానికి లేపి చూస్తున్నాడు పాపం. మాకెవరికీ తోచలేదు. ఆయనకే తోచింది.

చిట్టిని తన రొమ్ముకి భుజం ఆనేలా కూచోబెట్టుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు పిల్ల వీపు మీద, మెడకి కిందగా ఆనించాడు, రివిటుకి ఆనించినట్టే. “ఆవు గడ్డి తిన్నాదీ” అన్నాడు. చిట్టి “ఊఁ” అంది.

తవిటయ్య మొహం వెలిగిపోయింది. “జిల్లుమన్నాది! తెలస్తన్నాది! ఊఁ తెలస్తన్నాదిరా!” అని అరిచాడు. కుక్కలు మళ్ళీ లేచాయి. ఆ రాత్రి ఉత్సాహంలో పిల్లా తాతా ఎవరూ పడుకోలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఒకటో తారీకు గంగాభవాని డ్యూటీకి వెళ్తూ ఆరుసార్లు వెనక్కి చూసింది. ఏడింటికి అన్నం, కాళ్ళు, ఉచ్చ, పుస్తకం. వరస తప్పలేదు. నేనూ దేవమణీ వరండాలో కూచున్నాం. ఆవు, పిల్లి, కుక్క. కాకి గూటికొచ్చింది. తవిటయ్య గొంతు ఒక్కో పేజీకీ సన్నబడుతూ వచ్చింది. ఇంజను షెడ్డుకొచ్చింది... అక్కడ ఆగింది. తొంగిచూస్తే, చిట్టి నోరు తెరుచుకుని పడుకుంది. తవిటయ్య వేలు ఇంకా వీపు మీదే ఉంది. నన్ను చూసి రెండోచేత్తో వెళ్ళిపొమ్మని ఊపాడు. కదిలితే రివిటు వదులైపోతుందన్నట్టు, కూతురొచ్చేదాకా అలాగే కూచున్నాడట. ముక్కు మీద దోమ వాలినా తోలలేదు. తరవాత ఆ దోమ పిచ్చుకంత లావైందని నేను చెప్తే ఎవరూ నమ్మలేదు.

మూడో తారీకు చిలకమ్మ ట్రంకుపెట్టెతో దిగింది. “ఈ సెవిటోడు పిల్లని ఏటి పెంచుతాడు, నా మనవరాలిని ఇప్పుడే అట్టుకెల్లిపోతాను” అని గుమ్మంలోనే మొదలుపెట్టింది. దేవమణి మంచినీళ్ళిచ్చి, “ఒక్క సాయంత్రం చూడండి, వొదినా. తరవాత మీ ఇష్టం” అంది.

ఏడున్నరకి తవిటయ్య పుస్తకం తెరిచాడు. చిలకమ్మ పరీక్ష పెట్టేదానిలా ఎదురుగా కూచుంది. ఆవు గడ్డి తింది, పడుకుంది. చిలకమ్మ పలాస నించి రాత్రంతా బండిలో కూచుని వచ్చింది మరి. పిల్లి పాలు తాగేసరికి కళ్ళు మూతపడ్డాయి. కుక్క దగ్గర తల వాలింది. కాకి గూటికొచ్చేలోపు గురక. చిట్టి ఇంకా మేలుకునే ఉంది. నానమ్మ వైపు వేలు చూపించి, తాతకి వినపడేలా గట్టిగా, “మామ్మ పుకుందీ!” అంది. తరవాత ఇంజను షెడ్డుకి రాగానే తనూ పడుకుంది.

పొద్దున్న చిలకమ్మ ట్రంకుపెట్టె విప్పకుండానే ఎత్తుకుంది. పిల్లని అడగలేదు. గుమ్మం దిగుతూ మాత్రం అంది: “ఆ పుస్తకం ఇంకోటి కుట్టించండి. పలాసలో నా పెద్దకొడుక్కి గుంటడొకడున్నాడు.” ఆగి, కాస్త చిన్నగొంతుతో, “నాకోటి కూడా. ఈ మధ్య నాకసలు నిద్దరలేదు” అంది.

జ్ఞానప్రకాశం ఆ ఏడాది ఇంకో ఏడు పుస్తకాలు కుట్టాడు. చిట్టి పుస్తకంలో ఆవుకి చెవి లేకుండాపోయింది, పిల్లికి తోక లేదు, పుస్తకం మాత్రం నిలిచింది. తవిటయ్య రిటైరయ్యేదాకా మూడేళ్ళు సాయంత్రం ఏడున్నరకి ఎక్కడున్నా ఇంటికొచ్చేసేవాడు. యూనియన్ మీటింగులో మధ్యలో లేచి, “ఆవు పడుకోవాలి” అని గర్జించి వెళ్ళిపోయేవాడు. ఎవరూ ఆపేవారు కాదు.

ఒకరోజు ఆయనకి జ్వరమైతే నన్ను చదవమన్నారు. చక్కగానే మొదలెట్టాను. ఆవు గడ్డి తింది. కానీ పిల్లి దగ్గరికొచ్చేసరికి నోరు ఊరుకుంటుందా? “పిల్లి పాలు తాగింది, ఇంతలో కిటికీలోంచి పెద్దపులి...” అన్నాను.

చిట్టి నా మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపి, అట్ట పేజీ టపీమని నా వేలి మీద మూసింది. రెండట్టలు కలిపిన మందం కదా, గోరు నల్లబడింది.

“పుయ్యి లేదు. పిల్లి పుకుందీ!” అంది.